జానెడు చాలని తీగ

ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. జీతాల పుస్తకంలో ఏదో ఉండే ఉంటుంది. ఆ పురుళ్ళ ఆసుపత్రిలో డాక్టరమ్మ నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ వేణ్ణీళ్ళక్క అనేవారు. ఆవిడకి నేను చేసిన పని చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పడం కుదరదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

ఆ ఆసుపత్రికి ఇంకా గోడలైనా లేని రోజుల్లో ఇటుకలు మోయడానికి వచ్చిందట. మేడ పూర్తయింది, మేస్త్రీలు వెళ్ళిపోయారు, ఆవిడ మాత్రం మెట్ల కింద గదిలో మిగిలిపోయింది. పంతొమ్మిదేళ్ళు పెరట్లో కట్టెల బాయిలర్ రాజేసింది. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, పొగలో కళ్ళు నలుపుకోవడం, ఆరయ్యేసరికి పన్నెండు మంచాలకీ వేణ్ణీళ్ళు చేర్చడం. బకెట్లో మోచెయ్యి ముంచి, ఒక్క క్షణం ఆగి, "ఇవి తల్లికి", "ఇవి బిడ్డకి" అని విడదీసేది. థర్మామీటరు తెచ్చి చూపిస్తే, "అది నీళ్ళ సంగతి చెబుతుంది, బిడ్డ సంగతి చెప్పదు" అనేది.

నోరు మాత్రం చురుకే. వరండాలో పచార్లు చేసే కొత్త తండ్రుల్ని ఉతికి ఆరేసేది. "ఏం బాబూ, నొప్పులు నీకా, ఆమెకా? అటు కూర్చో, నేల అరిగిపోతోంది" అని వాళ్ళని బెంచీ మీదకి తోలేది. నన్నూ తోలింది. ఆ సంగతి తర్వాత.

నేను సోలార్ వాటర్ హీటర్లు బిగించేవాణ్ణి. సొంతంగా చిన్న వ్యాపారం, నేనూ ఇద్దరు పనివాళ్ళూ. పోయిన వేసవిలో ఆ ఆసుపత్రికి వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాను. డాబా మీద రేకుల గది ఉంటే అందులో ట్యాంకు నిలబెట్టి, దానికన్నా ఎత్తున మెట్లగది కప్పు మీద ఎనిమిది గాజు ప్యానెళ్ళు పరిచాను. ప్యానెళ్ళు కిందా ట్యాంకు పైనా ఉంటే వేడెక్కిన నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి, ఏ గొడవా లేదు. ఇక్కడ తలకిందులు కాబట్టి పంపు కావాలి. పంపు ఉంటే దానికి ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెట్టె కావాలి. కంట్రోలర్ అంటాం.

ఆ పెట్టె పని చాలా చిన్నది. దానికి రెండు సెన్సర్లుంటాయి, అగ్గిపుల్ల పొడుగున్న గొట్టాలు, వెనక తీగతో. ఒకటి ప్యానెళ్ళ నుంచి నీళ్ళు బయటికొచ్చే చోట, ఇంకోటి ట్యాంకు అడుగున, లోపలిదాకా వెళ్ళే సన్నని ఇత్తడి గుంటలో. పెట్టె ఆ రెండింటినీ పోల్చి చూస్తూ కూర్చుంటుంది. పైన ఉన్నది కిందున్న దానికన్నా ఎనిమిది డిగ్రీలు ఎక్కువైతే పంపు తిప్పుతుంది. తేడా మూడుకి పడిపోతే ఆపుతుంది. తిప్పడానికీ ఆపడానికీ ఒకే అంకె పెట్టకూడదు. పంపు తిరగగానే చల్లనీళ్ళు పైకెళ్ళి ప్యానెల్ కాస్త చల్లబడుతుంది, వెంటనే ఆగుతుంది, మళ్ళీ వేడెక్కుతుంది, మళ్ళీ లేస్తుంది, అలా కుంటుతూ కుంటుతూ మోటారు పాడుచేసుకుంటుంది.

బిగించే రోజు వేణ్ణీళ్ళక్క డాబా మీదకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని అంతా చూసింది. తన బాయిలర్ పోతోందని ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఇంకో గంట నిద్రపోవచ్చన్నమాట" అని నవ్వింది. తర్వాత పెట్టె వైపు చూపించి, "దీనికెలా తెలుస్తుంది తమ్ముడూ?" అంది.

నేను చెప్పాను.

"అంటే ఈ చెయ్యి దాని మీదా, ఆ చెయ్యి దీని మీదా పెట్టి చూసినట్టా?"

"అంతే అక్కా. నీకు రెండు చేతులు, దానికి రెండు సెన్సర్లు."

"మరి చెయ్యి సరైన చోట పెట్టాలి కదా" అంది. ఆ మాట అప్పుడు నవ్వుతూ విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

ఆ రోజు కింద రెండో అంతస్తులో నా భార్యకి నొప్పులు. ఎలాగూ పని అక్కడే కదా అని అక్కడే చేర్చాను. పొద్దున్నుంచి వరండాలో తిరుగుతుంటే ఈవిడే తోలేసింది, "పైకెళ్ళి నీ పని చూసుకో, కబురు నేను తెస్తాలే" అని. సాయంత్రం నాలుగింటికి అన్నీ అయిపోయాయి, ట్యాంకు సెన్సర్ ఒక్కటే మిగిలింది. తీగ లాగి చూస్తే గుంట దాకా రాలేదు. సరిగ్గా జానెడు చాల్లేదు. పెట్టెని గోడకి కాస్త అటు బిగించి ఉంటే సరిపోయేది. నా కొలత తప్పు, ఇంకెవరిదీ కాదు.

అప్పుడే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. దిగు" అంది.

"ఒక్క నిమిషం అక్కా. ఈ తీగ జానెడు చాల్లేదు. ఈ పూటకి ట్యాంకు పైరేకుకి అతికించేస్తా, రేపు పొడుగుది తెచ్చి గుంటలో పెడతా."

"పెడుదువుగాని రావయ్యా. బిడ్డ నీకోసం ఆగుతుందా?"

జేబులోంచి ఎర్ర టేపు తీశాను. అందరూ నలుపు వాడతారు, నేను మాత్రం ఎర్రదే వాడతాను, నా పని నాకు గుర్తుండాలని. సెన్సర్‌ని ట్యాంకు పైతొడుగు మీద పెట్టి నాలుగు పట్టీలు అంటించి, మెట్లు రెండేసి దిగాను. నా కూతురికి మొదటి స్నానం చేయించింది ఆవిడే. మోచెయ్యి ముంచి చూసి, నా వైపు తిరిగి, "ఇవి నీ సోలార్ నీళ్ళు కావులే, ఇంకా నా కట్టెలవే" అంది.

రేపు వెళ్ళలేదు. ఎల్లుండి వెళ్ళలేదు. బిడ్డ పుట్టిన ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిందేగా, ఎవరు ఎప్పుడు పడుకున్నారో ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి ఆ తీగ సంగతి మనసులోంచి పూర్తిగా జారిపోయింది. ఆసుపత్రి నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు మరి.

ఎందుకు రాలేదో ఇప్పుడైతే చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పగలను. ట్యాంకు చుట్టూ మందపాటి దూది లాంటి పొర ఉంటుంది, దాని మీద రేకు. ఆ రేకుకి అతికించిన సెన్సర్‌కి లోపలి నీళ్ళ వేడి తగలదు. గదిలో గాలి ఎంతుంటే అంతే చూపిస్తుంది. పగలు దానివల్ల నష్టం లేదు. ఎండకి ప్యానెళ్ళు గాలికన్నా వేడిగానే ఉంటాయి, పంపు తిరుగుతుంది, నీళ్ళు కాగుతాయి. చిక్కంతా పొద్దు వాలాక. అప్పుడు పంపు ఆగాలి. కానీ అది ఆగదు. ట్యాంకులో కాగిన నీళ్ళే పైకెక్కి ప్యానెళ్ళని వెచ్చగా ఉంచుతాయి, అక్కడి సెన్సర్ నలభై అంటుంది, ఇక్కడిది గాలిని చూసి పాతిక అంటుంది. ఇంకేం, తేడా ఉందిగా అని పెట్టె పంపుని తిప్పుతూనే ఉంటుంది. పగలంతా ఎండ ఇచ్చిన వేడిని రాత్రంతా ఆకాశానికి తిరిగి ఇచ్చేస్తుంది. వేసవిలో రాత్రి గాలే వెచ్చన కాబట్టి తెల్లారేసరికి నీళ్ళు గోరువెచ్చగా మిగిలేవి. ఆ ఎండల్లో అంతకన్నా వేడి ఎవరికీ అక్కర్లేదు.

చలికాలం వచ్చింది. పొద్దున్న కుళాయి తిప్పితే మంచునీళ్ళు. వేణ్ణీళ్ళక్క వంటగదిలో గ్యాస్ మీద పెద్ద గిన్నె పెట్టి కాచడం మొదలుపెట్టింది. ఎనిమిదింటికి అవ్వాల్సిన స్నానాలు పదింటికి. ఒక బాలింత అత్తగారు వరండాలో నిలబడి, "మేం మనుషులమా, పశువులమా" అని దులిపేసింది. డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది.

మొదటిసారి పొద్దున పదింటికి వెళ్ళాను. పెట్టె మీద అంకెలు చూశాను. ప్యానెల్ నలభై నాలుగు, ట్యాంకు ఇరవై. పంపు తిరుగుతోంది. "బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ" అని వచ్చేశాను. వారం తర్వాత మళ్ళీ పిలిచారు. ఈసారి సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. ఆ రోజు ఒక్క మబ్బు లేదు. ట్యాంకు ఇరవై ఏడు అని చూపిస్తోంది. పొద్దున్నుంచి ఎండ కాసి, పంపు తిరిగి, వెయ్యి లీటర్లలో ఇరవై ఏడు డిగ్రీలేంటి? ఎవరో నీళ్ళు తోడేస్తూ ఉండాలి, తోడినంతా చల్లనీళ్ళు నిండుతూ ఉండాలి. ఇంకో కారణం ఉండదని నా లెక్క.

ట్యాంకు నాకు మూరెడు దూరంలో ఉంది. దాని పక్కనే చిన్న కుళాయి. తిప్పితే చెయ్యి కాలేది, అంత వేడిగా ఉన్నాయి ఆ నీళ్ళు. నేను తిప్పలేదు. అంకె చూసినవాడికి నీళ్ళతో పనేంటి? చేతులు తడుపుకోవడం ప్లంబర్ల పని, నేను టెక్నీషియన్‌ని కదా. అంత పొగరు నాకు.

కిందికి దిగి డాక్టరమ్మతో, "యంత్రంలో లోపం లేదండీ. మధ్యాహ్నం పూట ఎవరో నీళ్ళు వాడేస్తున్నారు" అన్నాను. డాబా తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అని కూడా నేనే అడిగాను. వేణ్ణీళ్ళక్క దగ్గర అంది.

మర్నాడు పొద్దున వరండాలో పంచాయితీ. డాక్టరమ్మ, పెద్ద సిస్టరు, ఇద్దరు నర్సులు, వాచ్‌మన్, నేను. తలుపుల దగ్గర బాలింతల చుట్టాలు. మధ్యలో వేణ్ణీళ్ళక్క, తడి చేతులతో. పనిలోంచి పిలిస్తే వచ్చింది పాపం.

"నీళ్ళు బయటికెవరికైనా ఇస్తున్నావా?" అంది డాక్టరమ్మ.

"రెండుసార్లు ఇచ్చానమ్మా" అంది ఆవిడ, దాచకుండా. "పక్కన మేడ కడుతున్నారు కదా, అక్కడ కూలి చేసే పిల్లకి ఈమధ్యే కాన్పయింది. రేకుల షెడ్డులో ఉంటోంది. రెండుసార్లు ఒక్కో బకెట్టు."

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. పెద్ద సిస్టరు డాక్టరమ్మ వైపు చూసింది. రెండు బకెట్లకి వెయ్యి లీటర్ల ట్యాంకు చల్లబడదు. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు.

"అమ్మా, సాయంత్రం నీళ్ళు కాలిపోతూ వస్తున్నాయి" అంది ఆవిడ. "తెల్లారేసరికే చల్లబడుతున్నాయి. చీకటి పడ్డాక కూడా ఆ పంపు గురగురమంటూనే ఉంటోంది. మొన్న పైకెళ్ళి రెండు గొట్టాలూ పట్టుకుని చూశా. పైకెళ్ళేది వేడి, దిగేది చల్లన. పగలైతే దానికి తలకిందులుగా ఉండాలి కదా."

చూశారా, రోగం పేరు తప్ప మొత్తం చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. నేను చదివి, సర్టిఫికెట్ గోడకి తగిలించుకుని, పదిహేనేళ్ళుగా చేస్తున్న పనిలో గొట్టాలు పట్టుకుని నాకు పాఠం చెబుతుందా అని.

"అక్కా, అది తేడా చూసి తిరిగే పంపు. రాత్రి ఎండెక్కడుంది తిరగడానికి? ఫ్రిజ్ చప్పుడు విని ఉంటావు" అన్నాను. నర్సులు నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకు హాయిగా కూడా అనిపించింది.

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "తమ్ముడూ, ఆ రోజు తీగ జానెడు చాల్లేదన్నావు. పొడుగుది వేస్తానన్నావు. వేశావా?"

ఆ క్షణాన నాకు గుర్తొచ్చిందా? నిజం చెప్పాలి. గుర్తు రాలేదు, కానీ గుర్తు రాబోతోందని తెలిసింది. చుట్టూ అంతమంది. డాక్టరమ్మ నా మొహంలోకి చూస్తోంది. ఇంకో రెండు ఆసుపత్రులకి ఆవిడ సిఫార్సు మీదే నాకు పని రావాల్సి ఉంది.

"వేశాను" అన్నాను.

"అయితే సరే" అంది వేణ్ణీళ్ళక్క. నా మాట నమ్మింది. నమ్మి తల దించుకుంది. "అయితే నాకే ఏదో తెలియడం లేదమ్మా" అంది డాక్టరమ్మతో.

ఆ రోజే పంపేశారు. మెట్ల కింద గది ఖాళీ చేయించారు. ఒక రేకు పెట్టె, ఒక పరుపుచుట్ట. గేటు దాకా వాచ్‌మన్ మోశాడు. నేనప్పుడు నా బండి స్టార్ట్ చేస్తున్నాను. అది రెండు తన్నులకి స్టార్ట్ కాలేదు, మూడో దానికి అయింది. ఆవిడ వైపు చూడకుండా వెళ్ళిపోయాను.

నాలుగు రోజులకి మళ్ళీ ఫోన్. డాక్టరమ్మ గొంతులో ఈసారి కోపం లేదు, అనుమానం ఉంది. "డాబా తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. సాయంత్రం నాలుగింటికి కిందికొచ్చే వాల్వు నా చేత్తో కట్టేస్తున్నాను. చుక్క నీరు ఎవరూ వాడలేదు. పొద్దున తిప్పితే అవే చల్లనీళ్ళు. ఇప్పుడెవరు తోడుతున్నారు చెప్పండి?"

ఆ సాయంత్రం ఆరున్నరకి డాబా ఎక్కాను. పొద్దు పూర్తిగా వాలిపోయింది. రేకుల గది తలుపు తీయకముందే వినపడింది. గురగుర. లైటు వేయకుండా లోపలికెళ్ళి, ఒక చెయ్యి పైకెళ్ళే గొట్టం మీద, ఒక చెయ్యి దిగే గొట్టం మీద పెట్టాను. పైకెళ్ళేది చురుక్కుమంది. దిగేది చల్లన. ఆవిడ చెప్పింది చెప్పినట్టు.

లైటు వేశాను. ట్యాంకు రేకు మీద ఎర్ర టేపు, నాలుగు పట్టీలు. ఇత్తడి గుంట దానికి జానెడు కింద ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. అందులో సాలీడు గూడు పెట్టుకుంది. అక్కడే నేల మీద కూలబడ్డాను. సిగ్గంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు. చెవులు కాలిపోతాయి, చేతులు మాత్రం చల్లగా అయిపోతాయి.

తర్వాత చేసిన పని చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. బండి దాకా వెళ్ళి తీగముక్క తెచ్చాను. జానెడు అతుకేశాను. సెన్సర్‌కి వేడి బాగా అందేలా పేస్టు రాసి గుంటలో లోపలిదాకా దూర్చి, బయటికి రాకుండా క్లిప్పు పెట్టాను. పెట్టె మీద అంకె గబగబా ఎక్కింది. ఇరవై నాలుగు, ముప్పై ఏడు, నలభై ఎనిమిది. ట్యాంకు ప్యానెల్ కన్నా వేడి అని దానికి ఇప్పుడు తెలిసింది. పంపు టక్కున ఆగింది. ఆ ఎర్ర టేపు ఒలిచి ఉండచుట్టి జేబులో వేసుకున్నాను. కిందికి దిగి డాక్టరమ్మతో, "సెన్సర్ పోయిందండీ, మార్చేశాను" అన్నాను.

"ఎప్పటినుంచి పోయింది?"

"చెప్పలేమండీ. ఎలక్ట్రానిక్ సరుకు కదా."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పాపకి స్నానం చేయించబోతోంది. మోచెయ్యి బకెట్లో ముంచి, ఒక్క క్షణం ఆగింది. అలా చెయ్యమని ఎవరు నేర్పారో నేను అడగక్కర్లేదు. గోడకానుకుని నిలబడిపోయాను. "ఏమైంది, అలా ఉన్నావ్?" అంది. జేబులోంచి టేపు ఉండ తీసి చూపించి మొత్తం చెప్పాను.

మా ఆవిడ స్నానం ముగించి పాపని తువ్వాలులో చుట్టింది. తర్వాత, "నేను కాన్పు నొప్పుల్లో ఉన్నానని తీగ మర్చిపోయావు, సరే. వరండాలో నీకేం నొప్పులొచ్చాయి?" అంది.

మర్నాడు వాచ్‌మన్‌ని అడిగి చిరునామా కనుక్కున్నాను. ఆవిడ తమ్ముడు సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆ కొట్టు వెనకే ఒక గది. వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తోంది. పరుపుచుట్ట ఇంకా విప్పలేదు, గోడవార అలాగే ఉంది.

"రా తమ్ముడూ. పాప బాగుందా?" అంది. అదే మొదటి మాట. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

నిలబడే చెప్పాను. తీగ వెయ్యలేదని, నువ్వు అడిగినప్పుడు అబద్ధమాడానని, రెండు బకెట్లకి ట్యాంకు చల్లబడదని నాకు తెలుసని, ఫ్రిజ్ చప్పుడన్నది కావాలనే అన్నానని. ఆవిడ ట్యూబు తిప్పుతూ వింది. బుడగ దొరికింది. వేలు దాని మీద పెట్టి, తమ్ముణ్ణి పిలిచి ఇచ్చేసింది.

"అయితే నా చేతులు చెప్పింది నిజమేనన్నమాట" అంది. "నాలుగు రోజుల్నుంచి అదే ఆలోచిస్తున్నా. వేశానంటున్నాడు, వేసే ఉంటాడు, మరి గొట్టం ఎందుకలా ఉంది? నా చేతులకి వయసైపోయిందేమో అనుకున్నా. ఈ చేతుల్తో రేపు ఏ బిడ్డకైనా నీళ్ళు చూడగలనా అనిపించింది. మా తమ్ముడి బిడ్డకి నిన్న వాళ్ళమ్మనే చూసుకోమన్నా."

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోగొట్టానని కుమిలిపోతున్నాను గానీ, ఇంకా దేన్ని పోగొట్టానో అప్పటిదాకా నాకు తెలియదు.

"క్షమించు అక్కా" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? నాకు కాస్తో కూస్తో తెలుసు. ఎక్కడ వేశానన్నావో అక్కడ చెప్పు. ఆ వరండాలోనే. వాళ్ళందరూ ఉన్నప్పుడు."

"నువ్వూ రా."

"నేనెందుకు? నువ్వు నా మొహం చూసి చెప్తావు. వాళ్ళ మొహాలు చూసి చెప్పు."

ఆ పదింటికే వెళ్ళాను. రౌండ్స్ అయ్యే వేళ, వరండా నిండా జనం. డాక్టరమ్మ గదిలోకి రమ్మంది, వెళ్ళలేదు. "ఇక్కడే చెప్పాలండీ" అన్నాను. పెద్ద సిస్టరు, నర్సులు, వాచ్‌మన్, తలుపుల దగ్గర చుట్టాలు. ఇంతకుముందు నవ్విన నర్సుల్లో ఒకామె నా ఎదురుగానే ఉంది.

"ఆ రోజు వేణ్ణీళ్ళక్క తీగ వేశావా అని అడిగింది" అన్నాను. "వెయ్యలేదు."

అర్థం కాలేదు ఎవరికీ. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. టేపు ఉండ తీసి బల్ల మీద పెట్టి, సెన్సర్ ఎక్కడుండాలో ఎక్కడుందో, పంపు రాత్రంతా ఎందుకు తిరిగిందో, నిన్న మార్చానన్న సెన్సర్ అసలు పోనేలేదని, అన్నీ చెప్పాను. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజమని చెప్పాను. నర్సు తల తిప్పుకుంది. డాక్టరమ్మ చాలాసేపు ఆ ఎర్ర ఉండనే చూసింది.

"ఇంకెప్పుడూ ఈ గేటు లోపలికి రావద్దు అనాలనుంది" అంది చివరికి. "కానీ నేనూ అంకె చూసే నమ్మాను. ఒక్క సాయంత్రం కుళాయి తిప్పి చూడలేదు." తనే కారు తీసుకుని సైకిళ్ళ కొట్టుకి వెళ్ళింది. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ మిగతా రెండు ఆసుపత్రుల పని నాకు రాలేదు. రాకపోవడమే న్యాయం.

రెండో రోజు తెల్లవారుజామున అయిదింటికి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, నీళ్ళు చూడకుండా ఉండలేక వెళ్ళాను. మెట్ల కింద గదిలో దీపం వెలుగుతోంది, పరుపు పరిచి ఉంది. స్నానాల గదిలో వేణ్ణీళ్ళక్క కుళాయి తిప్పి బకెట్టు పడుతోంది. నీళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. పెద్ద సిస్టరు తువ్వాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

ఆవిడ చల్లనీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచబోయి ఆగింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పదిహేను రోజుల కిందటైతే ఆ ఆగడం ఉండేది కాదు. అది నేను పెట్టిన ఆగడం.

"నువ్వు పెట్టు" అంది నాతో.

చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి ముంచాను. వెచ్చగా, మెత్తగా ఉన్నాయి.

"బిడ్డకి సరిపోతాయా?"

"సరిపోతాయి అక్కా."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "చూసే చెప్తున్నావా?" అంది.

నేను చెయ్యి బయటికి తీయలేదు. ఇంకాసేపు అలాగే ఉంచి, మళ్ళీ చూసుకుని, "చూసే చెప్తున్నాను" అన్నాను. అప్పుడు తన మోచెయ్యి కూడా నా చేతి పక్కన ముంచింది.